ఒకే వీడియో, రెండు ఎడిట్లు: ప్రేక్షకుడు ఎంతసేపు ఉన్నాడో సర్వైవల్ అనాలిసిస్‌తో లెక్కకట్టడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క ఉదాహరణే తీసుకుని దాన్ని చివరిదాకా లాగుదాం. అంకెలు లెక్క తేలిగ్గా అర్థమవడానికి నేను వేసుకున్నవి, ఏ చానల్‌వీ కావు.

అయిదు నిమిషాల వీడియో ఒకటి ఉంది. ఏదో ఒక పని ఎలా చేయాలో చూపించే వీడియో అనుకోండి. మొదటి 25 సెకన్లు లోగో, పలకరింపు, ఇవాళ ఏం చూడబోతున్నారో చెప్పడం. అసలు విషయం ఆ తర్వాతే మొదలవుతుంది. దీన్ని పొడుగు ఎడిట్ అందాం, నిడివి 300 సెకన్లు. రెండో ఎడిట్‌లో ఆ పలకరింపును 5 సెకన్లకు కోసేశారు. మిగతాది ఒక్క ఫ్రేము కూడా మారలేదు. ఇది పొట్టి ఎడిట్, 280 సెకన్లు. ఎవరికి ఏది అన్నది యాదృచ్ఛికంగా ఎంచి, ఒక్కోదాన్ని వెయ్యిమందికి చూపించారు. ఏది జనాన్ని ఎక్కువ నిలబెట్టింది, ఎంత ఎక్కువ నిలబెట్టింది అన్నది మన ప్రశ్న.

దీనికి వైద్య గణాంకాల నుంచి సర్వైవల్ అనాలిసిస్ అనే పనిముట్టు ఎందుకు తెచ్చుకోవాలి, సగటు వీక్షణ సమయం చూస్తే పోదా అని అడగొచ్చు. చిక్కు ఎక్కడుందంటే, వీడియో అయిపోయేదాకా ఉన్నవాడి గురించి మనకు తెలిసింది సగమే. 280 సెకన్లు ఉన్నాడు, నిజమే. ఇంకో నిమిషం ఉంటే చూసేవాడా? తెలియదు, వీడియోనే అయిపోయింది. మందు పరీక్షల్లో ఇలాంటిదే ఉంటుంది: అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్న రోగి ఎన్నాళ్లు బతుకుతాడో తెలియదు, కనీసం ఇంతకాలం బతికాడని మాత్రం తెలుసు. ఇలా సగం తెలిసిన సమయాన్ని సెన్సార్ అయిన సమయం అంటారు. సినిమా సెన్సారుకూ దీనికీ సంబంధం లేదు. ఆ సగం సమాచారాన్ని పారేయకుండా, ఉన్నంతవరకు వాడుకునే పద్ధతిని 1958లో కాప్లాన్, మైయర్ అనే ఇద్దరు ప్రచురించారు. ఏ సెకనుకు ఎంత శాతం మంది ఇంకా ఉన్నారో చూపించే ఆ సర్వైవల్ గీతనే ఇప్పటికీ మొదట గీస్తారు.

ముందు డేటా ఎలా ఉండాలో చూద్దాం, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఒక్కో ప్రేక్షకుడికి ఒక్క వరస. అందులో మూడు గడులు చాలు: ఏ ఎడిట్ చూశాడు, ఎన్నో సెకను దాకా ఉన్నాడు, అక్కడ నిజంగా వెళ్లిపోయాడా లేక మనకు కనిపించకుండా పోయాడా. వెళ్లిపోతే 1, కనిపించకుండా పోతే లేదా వీడియో ముగిస్తే 0. సున్నా సెకను అంటే నొక్కిన క్షణం కాదు, మొదటి ఫ్రేము తెర మీద పడిన క్షణం. నొక్కిన దగ్గర్నుంచి లెక్కేస్తే లోడింగ్ ఆలస్యం కూడా ఎడిట్ ఖాతాలో పడుతుంది.

ప్లాట్‌ఫామ్ ఇచ్చే రిటెన్షన్ గ్రాఫు ఉంది కదా, అది వాడొచ్చా? చూపుకు సర్వైవల్ గీతలాగే ఉంటుంది కానీ అది వేరు. ఒక ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ చూస్తే ఆ గ్రాఫు అక్కడ పైకి లేస్తుంది. యూట్యూబ్‌లో అయితే 100 శాతం కూడా దాటుతుంది. సర్వైవల్ గీత ఎప్పటికీ పైకి లేవదు, వెళ్లినవాడు వెళ్లినట్టే. అంతకన్నా ముఖ్యంగా, ఆ గ్రాఫులో ఒక్కో మనిషి విడిగా కనపడడు. వెయ్యిమంది కలిసిపోయిన గీత నుంచి ఎవరు ఎప్పుడు వెళ్లారన్నది విడదీయలేం. మన ప్లేయర్ పంపే ఈవెంట్లు ఉంటేనే ఈ లెక్క శుభ్రంగా సాగుతుంది.

ఆ ఈవెంట్లలో ఒక మెలిక ఉంది. చాలా ప్లేయర్లు వీడియో ఇంకా నడుస్తోందని చెప్పడానికి ప్రతి 10 సెకన్లకో పింగ్ పంపుతాయి. ప్రేక్షకుడు వెనక్కి బటన్ నొక్కితే వెళ్లినట్టు ఈవెంట్ వస్తుంది. ఫోన్‌లో యాప్‌ను పైకి తోసేసి మూసేస్తే చాలాసార్లు ఏ ఈవెంటూ రాదు, పింగులు ఆగిపోతాయంతే. నెట్‌వర్క్ పోయినా పింగులే ఆగిపోతాయి. మన దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కొందరు ఇలాంటివాళ్లందరినీ సెన్సార్ చేసేసి చేతులు దులుపుకుంటారు. దాంతో గీత ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. పొడుగు ఎడిట్‌నే తీసుకోండి. 30వ సెకనుకు 656 మంది మిగిలారు, అక్కడ 40 మంది పింగులు ఆగిపోయాయి, మిగిలిన 616 మందిలో 65 మంది నిమిషంలోపు తెలిసి వెళ్లిపోయారనుకుందాం. ఆ 40 మందినీ సెన్సార్ చేస్తే, 616లో 551 మంది ఉన్నారు కాబట్టి 65.6 శాతాన్ని 551/616తో గుణించాలి, 58.7 శాతం వస్తుంది. వాళ్లు కూడా వెళ్లిపోయినవాళ్లే అనుకుంటే నికరంగా 55.1 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. నా సలహా ఏమిటంటే, రెండు రకాలుగానూ లెక్కేసి, ఎడిట్ల మధ్య తేడా రెండింటిలోనూ నిలబడుతుందో లేదో చూడండి. నిలబడితే ఆ 40 మంది గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నిలబడకపోతే, ప్లేయర్ లాగింగ్ సరిచేయకుండా ఏ గణాంకమూ మిమ్మల్ని కాపాడదు. సెన్సారింగ్ వెనక ఒక షరతు ఉందని గుర్తుంచుకోండి: కనపడకుండా పోయినవాళ్లు, ఉండిపోయినవాళ్లలాంటివాళ్లే అయి ఉండాలి. బఫరింగ్‌తో విసిగి వెళ్లినవాడు అలాంటివాడు కాదు.

మధ్యలో సెన్సారింగ్ అసలు లేకపోతే? అందరూ వెళ్లిన ఈవెంటుతోనో వీడియో ముగింపుతోనో తేలిపోతే, కాప్లాన్-మైయర్ గీత మామూలు శాతమే అవుతుంది. అందులో మంత్రమేమీ లేదు. ఇప్పుడు చూపించే పట్టికలో అదే పరిస్థితి పెట్టుకున్నాను, లెక్క మీరే కాగితం మీద సరిచూసుకోవచ్చు.

| సెకన్లు | పొడుగు: మొదట్లో ఉన్నవారు | వెళ్లినవారు | వెళ్లిన రేటు | పొట్టి: మొదట్లో ఉన్నవారు | వెళ్లినవారు | వెళ్లిన రేటు |
|---|---|---|---|---|---|---|
| 0–10 | 1000 | 180 | 18.0% | 1000 | 140 | 14.0% |
| 10–30 | 820 | 164 | 20.0% | 860 | 103 | 12.0% |
| 30–60 | 656 | 65 | 9.9% | 757 | 90 | 11.9% |
| 60–180 | 591 | 120 | 20.3% | 667 | 147 | 22.0% |
| 180–280 | 471 | 81 | 17.2% | 520 | 100 | 19.2% |

280వ సెకను దగ్గర పొడుగులో 390 మంది, పొట్టిలో 420 మంది ఉన్నారు. ఇక్కడ రేటు అంటే, ఆ ముక్క మొదట్లో ఉన్నవాళ్లలో ఎందరు ఆ ముక్కలోనే వెళ్లిపోయారన్నది. దీన్నే హజార్డ్ అంటారు. గమనించండి, భాగహారం చేసేది మొదటి వెయ్యితో కాదు, ఆ క్షణానికి ఇంకా ఉన్నవాళ్లతో.

ఇప్పుడు ఈ పట్టికను ఒక ఎడిటర్ ముందు పెట్టండి. మొదటి రెండు వరసలు చూసి సంతోషిస్తాడు: పలకరింపు కోసినందుకు వెళ్లేవాళ్లు తగ్గారు. మూడో వరస చూసి ముఖం మాడ్చుకుంటాడు: 30 నుంచి 60 దాకా పొట్టి ఎడిట్‌లోనే ఎక్కువమంది వెళ్తున్నారు, 9.9కి 11.9. నాలుగోదీ అంతే, అయిదోదీ అంతే. "పలకరింపు తీసేయడంతో అసలు విషయం దెబ్బతింది, జనానికి సందర్భం అందలేదు" అని తీర్పు ఇచ్చేసి, సగం పలకరింపు తిరిగి పెడతాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ పట్టిక ఆ మాట చెప్పడం లేదు.

ఎందుకో చూద్దాం. వచ్చిన వెయ్యిమందిలో 500 మంది పనిగట్టుకుని వచ్చినవాళ్లు, 500 మంది దారినపోతూ తొంగిచూసినవాళ్లు అనుకోండి. 30వ సెకను తర్వాత రెండు ఎడిట్లలోనూ విషయం ఒకటే కాబట్టి, ఏ రకం ప్రేక్షకుడైనా రెండింటిలో ఒకే రేటున వెళ్తాడనుకుందాం. పనిగట్టుకుని వచ్చినవాళ్లలో 30 నుంచి 60 మధ్య నూటికి నలుగురు, దారినపోయేవాళ్లలో నూటికి 25 మంది. అంటే ఎడిట్ వల్ల ఆ ముక్కలో ఎవరికీ ఏ తేడా లేదని మనమే ముందుగా ఒప్పుకుంటున్నాం.

పొడుగు ఎడిట్‌లో పాతిక సెకన్ల పలకరింపు జల్లెడలా పనిచేసింది. దారినపోయేవాళ్లను ముందే వడకట్టేసింది. 30వ సెకనుకు మిగిలిన 656లో 470 మంది గట్టివాళ్లు, 186 మంది తొంగిచూసేవాళ్లు. 470లో నూటికి నాలుగు అంటే 19, 186లో నూటికి పాతిక అంటే 46, మొత్తం 65. పొట్టి ఎడిట్‌లో జల్లెడ లేదు. 757లో 475 మంది గట్టివాళ్లు, 282 మంది తొంగిచూసేవాళ్లు. వెళ్లేవాళ్లు 19, 71, మొత్తం 90. పట్టికలో ఉన్న అంకెలు సరిగ్గా ఇవే! ఏ ఒక్క ప్రేక్షకుడి ప్రవర్తనా మారకుండానే రేటు 9.9 నుంచి 11.9కి పెరిగింది. మారింది గదిలో మిగిలిన మనుషుల కలగలుపు.

కాబట్టి సూత్రం ఇది. రెండు ఎడిట్లను యాదృచ్ఛికంగా పంచామన్న భరోసా సున్నా సెకను దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత మిగిలినవాళ్లు ఎడిట్ ఎంపిక చేసిన మనుషులు. 30వ సెకను దాటినవాళ్లను మాత్రమే తీసుకుని రెండు ఎడిట్లనూ పోల్చితే, వేర్వేరు జనాన్ని పోల్చినట్టే. మొదలు నుంచి ఫలానా సెకను దాకా మొత్తంగా ఎందరు మిగిలారన్నది పోల్చండి. అది నిజాయితీ ఉన్న పోలిక. పట్టికను మళ్లీ చూడండి: ప్రతి ముక్క చివరా పొట్టి ఎడిట్‌లోనే ఎక్కువమంది ఉన్నారు.

అలాగని మధ్య ముక్క నిజంగా దెబ్బతినే అవకాశం లేదని కాదు. ఈ పట్టిక ఒక్కదాన్నీ చూసి ఆ రెండు కారణాలనూ విడదీయలేమంటున్నాను. విడదీయాలంటే, వీడియో తెరవకముందే తెలిసిన లక్షణం ఒకటి కావాలి: సబ్‌స్క్రయిబరా కాదా, వెతికి వచ్చాడా సిఫారసులో చూసి వచ్చాడా. ఆ గుంపుల లోపల విడివిడిగా రేట్లు చూడండి. సబ్‌స్క్రయిబర్లలో కూడా 30 తర్వాత తేడా అంతే ఉంటే ఎడిటర్ అనుమానానికి కొంత బలం వస్తుంది. తేడా బాగా కుంగిపోతే అది జనం కలగలుపు వల్ల వచ్చిందే. గుంపు విభజనకు వీడియో మొదలయ్యాక జరిగిన ఏ సంగతినీ వాడకూడదు. లైక్ కొట్టినవాళ్లు, కామెంట్ పెట్టినవాళ్లు అని విడదీస్తే అదీ జల్లెడే.

దీనికే ఇంకో పర్యవసానం ఉంది. సర్వైవల్ అనాలిసిస్ అనగానే చాలామంది కాక్స్ మోడల్ నడుపుతారు, 1972 నాటిది, చాలా మంచి పనిముట్టు. అది రెండు ఎడిట్ల తేడాను ఒకే హజార్డ్ నిష్పత్తిగా ఇస్తుంది. ఆ నిష్పత్తి మొదటి సెకను నుంచి చివరిదాకా మారదన్నది దాని షరతు. మన పట్టికలో 10–30 మధ్య పొట్టిది 20కి 12, అంటే 0.6, 30–60 మధ్య 9.9కి 11.9, అంటే 1.2. నిష్పత్తి ఒకటికి ఇవతల నుంచి అవతలికి దూకింది. వీటిని కలిపి ఒక్క అంకె చేస్తే, అది వీడియో నిడివిని బట్టి మారిపోయే సగటు. ఇదే కోత పది నిమిషాల వీడియోలో పెడితే చివరి భాగం బరువు పెరిగి ఆ నిష్పత్తి ఒకటి వైపు జరుగుతుంది, కోత గుణం మారకపోయినా. రెండు సర్వైవల్ గీతలు నిజంగా వేరా కాదా అని చూసే లాగ్-ర్యాంక్ పరీక్షదీ ఇదే అవస్థ: మొదట్లో వచ్చిన లాభాన్ని తర్వాతి వ్యతిరేక తేడా కొంత తినేస్తుంది, దాంతో ఉన్న తేడాను పట్టుకునే శక్తి తగ్గుతుంది. వీడియో మొదలు మార్చిన ఎడిట్లలో ఇది తరచూ ఎదురయ్యేదే.

మరి ఏ అంకె చెప్పాలి? గీత కింద ఉన్న వైశాల్యం. ఒక హద్దు సెకను పెట్టుకుని, అక్కడిదాకా గీత కింద ఎంత జాగా ఉందో కొలిస్తే, అది ఆ హద్దులోపల ఒక్కో ప్రేక్షకుడు సగటున ఉన్న సెకన్లు. దీన్ని పరిమిత సగటు సమయం అనుకోవచ్చు, ఆర్ఎంఎస్‌టీ అంటారు. హజార్డ్ నిష్పత్తి స్థిరంగా ఉందా లేదా అన్న గొడవ దీనికి లేదు. హద్దు మాత్రం రెండు ఎడిట్లలోనూ ఉన్న సెకను అయి ఉండాలి, కాబట్టి ఇక్కడ 280. ఆ హద్దును డేటా చూడకముందే రాసిపెట్టుకోండి. చూశాక ఎంచుకుంటే, మనకు నచ్చిన జవాబిచ్చే హద్దు దగ్గరే చెయ్యి ఆగుతుంది.

ముక్క ముక్కకూ మొదటి, చివరి సంఖ్యల సగటును సెకన్లతో గుణించి కూడితే పొడుగు ఎడిట్‌కు 149.3 సెకన్లు, పొట్టి ఎడిట్‌కు 165.1 సెకన్లు వస్తాయి. తేడా దాదాపు 16 సెకన్లు. ఈ డేటాలో ఒక్కో ప్రేక్షకుడి సమయం సగటు చుట్టూ ఇంచుమించు 120 సెకన్ల ప్రామాణిక విచలనంతో చెదిరి ఉంది. వెయ్యిమందికి వెయ్యిమంది కాబట్టి తేడా మీద ప్రామాణిక దోషం సుమారు 5.3 సెకన్లు. అంటే 95 శాతం హద్దులు ఇంచుమించు 5 నుంచి 26 సెకన్లు. ఎడిటర్‌తో మాట్లాడేటప్పుడు "కోత వల్ల ఒక్కో ప్రేక్షకుడు సగటున 16 సెకన్లు ఎక్కువ ఉన్నాడు, ఆ అంకె 5 కావచ్చు 26 కావచ్చు" అంటే అర్థమవుతుంది. హజార్డ్ నిష్పత్తి 0.9 అంటే ఎవరికీ ఏమీ తోచదు.

పైథాన్‌లో `lifelines` లైబ్రరీ ఉండి, మొదట్లో చెప్పిన మూడు గడులు `df` అనే పట్టికలో `edit`, `sec`, `left` పేర్లతో ఉంటే ఇంతే పని:

```python
from lifelines import KaplanMeierFitter
from lifelines.utils import restricted_mean_survival_time as rmst

for name, d in df.groupby("edit"):
    km = KaplanMeierFitter().fit(d["sec"], d["left"])
    print(name, rmst(km, t=280), km.predict(180))
```

`left` గడిలో వెళ్లినవారికి 1, సెన్సార్ అయినవారికి 0 ఉండాలి. ఇది తిరగేసి రాయడం చాలా మామూలు పొరపాటు. అలా జరిగితే తెలిసిపోతుంది: గీత చాలాసేపు పైనే బల్లపరుపుగా ఉండి, వీడియో చివర ఒక్కసారిగా సున్నాకు కూలుతుంది.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. 16 సెకన్లు ఎక్కువ ఉన్నారు సరే, ఆ సెకన్లలో ఏం చూశారు? గడియారం ప్రకారం 180వ సెకను దగ్గర రెండు ఎడిట్లలో ఒకే దృశ్యం లేదు. పొట్టి ఎడిట్‌లో 180 దగ్గర ఉన్నది పొడుగు ఎడిట్‌లో 200 దగ్గర వస్తుంది. వీడియోలో ముఖ్యమైన మెట్టు అదే అనుకోండి. అప్పుడు పోల్చాల్సింది పొడుగులో 200 దాకా ఉన్నవాళ్లను, పొట్టిలో 180 దాకా ఉన్నవాళ్లను. పొడుగులో సుమారు 45.5 శాతం, పొట్టిలో 52 శాతం, తేడా 6.5 పాయింట్లు. ఒకే గడియారం మీద 180కి 180 పోల్చితే తేడా 4.9 పాయింట్లే కనిపిస్తుంది. ఎక్కువసేపు ఉంచడమే లక్ష్యమైతే వైశాల్యం చూడండి, విషయం చేరవేయడం లక్ష్యమైతే ఇది చూడండి. నన్నడిగితే నేర్పించే వీడియోలకు రెండోదే అసలైన కొలత. పైగా పొడుగు ఎడిట్‌లో పలకరింపును ముందుకు జరిపి దాటేసేవాళ్లు ఉంటారు; ప్లేహెడ్ స్థానంతో లెక్కేస్తే వాళ్లు ఆ సెకన్లన్నీ ఉన్నట్టే నమోదవుతారు. దాంతో వైశాల్యం పొడుగు ఎడిట్‌కు అనుకూలంగా ఉబ్బుతుంది. ముఖ్యమైన మెట్టుకు చేరారా లేదా అన్న కొలతకు ఆ బెడద లేదు.

శాతం అక్షం మీద, అంటే వీడియోలో ఎంత శాతం చూశారన్న లెక్క మీద, నిడివి వేరైన ఎడిట్లను పోల్చకండి. చివరి నిమిషం కోసేస్తే, ఎవరూ ఒక్క సెకను ఎక్కువ చూడకపోయినా శాతం పెరుగుతుంది.

ఇదంతా పంపకం సరిగ్గా జరిగితేనే. ఒక వారం ఇది, మరుసటి వారం అది చూపిస్తే కుదరదు. కొత్త వీడియోకు ముందొచ్చేవాళ్లు ఎప్పుడూ గట్టి అభిమానులే. రెండు వేర్వేరు వీడియోలుగా పెడితే సిఫారసు వ్యవస్థ వేర్వేరు జనానికి చూపిస్తుంది. ఒకే లింకు, ఒకే శీర్షిక, ఒకే థంబ్‌నెయిల్ వెనక ప్రేక్షకుడి ఐడీని బట్టి ఎడిట్ ఎంపిక కావాలి, అతని మొదటి వీక్షణనే లెక్కలోకి తీసుకోవాలి. పంపకం చెడిందో లేదో తెలుసుకోవడం తేలిక. సగం సగం పంచిన 10,000 మందిలో చెరో 5,000 రావాలి, ప్రామాణిక విచలనం 50. ఒకవైపు 5,200 కనిపిస్తే గీతలు గీయడం ఆపి, లాగింగ్‌లో ఏం పోయిందో వెతకండి. ఒక ఎడిట్ ఫైలు లోడవడానికి ఆలస్యమవుతూ మొదటి ఫ్రేముకు ముందే జనం వెళ్లిపోతే ఇలాగే వస్తుంది.

ఒక ప్రశ్న వచ్చింది: ఎంతమంది ప్రేక్షకులుంటే ఈ లెక్క నమ్మొచ్చని. పట్టుకోవాలనుకునే తేడాను బట్టి ఉంటుంది. ఉజ్జాయింపుగా, ఒక్కో ఎడిట్‌కు కావాల్సిన జనం అంటే 16 సార్లు విచలనం వర్గం, భాగించు తేడా వర్గం. ఉన్న తేడాను నూటికి 80 సార్లు పట్టుకునే శక్తికి ఇది సరిపోతుంది. విచలనం 120 సెకన్లు అనుకుంటే, 15 సెకన్ల తేడాకు 1,024 మంది చాలు. 5 సెకన్ల తేడా పట్టుకోవాలంటే 9,216 మంది కావాలి. చానల్‌కు వచ్చేది వీడియోకు రెండు వేలమందే అయితే, పలకరింపు కోత లాంటి పెద్ద మార్పులే పరీక్షకు పెట్టండి. సంగీతం మార్చడం, రంగు దిద్దడం లాంటివి ఆ సంఖ్యతో తేలవు. ఇంకొకటి: రోజూ గ్రాఫు తెరిచి చూస్తూ, తేడా కనపడిన రోజున ఆపేస్తే పైన చెప్పిన 95 శాతం హద్దులు చెల్లవు. సంఖ్య ముందే నిర్ణయించుకుని, అది నిండాకే తెరవండి. తర్వాతి ప్రశ్న ఎవరిదో చెప్పండి.